పైన ప్లస్, కింద నాలుగు

మధ్యాహ్నం మిర్యాలగూడ నుంచి మా అక్క కూతురు ఫోన్. కెమిస్ట్రీ రికార్డు రేపే ఇవ్వాలట, వర్క్‌షీట్ హాస్టల్‌లోనే మరిచిపోయి ఇంటికొచ్చిందట. ఫ్రెండ్ పంపిన ఫొటో దాని పగిలిన స్క్రీన్ మీద చదవరాకుండా ఉంది. టైప్ చేసి పంపమంది.

కంప్యూటర్‌లో పైఅంకెలు, కిందిఅంకెలు పెట్టి ముచ్చటగా కొట్టి, కాపీ చేసి మెసేజ్‌లో పెట్టాను. అన్నీ ఒకే వరుసలోకి దిగిపోయాయి. ఐరన్ మీది రెండు ప్లస్ ఛార్జ్ `Fe2+` అయింది. రెండు ఐరన్ పరమాణువులా, ఛార్జా? పక్కనే కలిపే ప్లస్ కూడా ఉండడంతో ఇంకా గందరగోళం. సరే, చిన్న గుర్తులున్న అక్షరాలు వెతికి పంపితే, "చిన్నమ్మా, నా ఫోన్ల అన్నీ డబ్బాలే కనబడుతున్నయి" అంది.

ఇక మామూలు అక్షరాలే గతి. కింది అంకెను మూలకం పక్కనే ఉంచాను. ఛార్జ్ ముందు మాత్రం `^` పెట్టాను. కలిపే ప్లస్‌కు రెండు వైపులా ఖాళీ వదిలాను. ఈ మూడు మాటలూ పైన ఒక లైన్‌లో రాశాను, లేకపోతే మళ్ళీ ఫోన్ వస్తుంది.

```
MnO4^- + 5Fe^2+ + 8H^+ -> Mn^2+ + 5Fe^3+ + 4H2O
```

ఫొటోలో కుడివైపు ఐరన్ ఛార్జ్ మసకగా ఉంది, రెండో మూడో తెలియలేదు. రెండు వైపులా మొత్తం ఛార్జ్ ఒకటే ఉండాలి కాబట్టి ఛార్జ్‌లు కూడి చూశాను. ఎడమన -1, +10, +8 కలిపితే 17. కుడివైపు మాంగనీస్‌కు 2 పోతే, అయిదు ఐరన్లకు కలిపి 15 రావాలి. అంటే ఒక్కోదానికి మూడు. నీటికి ఛార్జ్ లేదు కదా.

పట్టికతో వేరే తంటా. ఖాళీలు కొట్టి నిలువు వరుసలు సరిచేస్తే ఫోన్‌లో కలిసిపోతాయి, అందుకే మధ్యలో గీతలు పెట్టాను.

```
బ్యూరెట్ రీడింగ్ (mL)
సారి | మొదట | చివర | వాడినది
1 | 0.0 | 10.4 | 10.4
2 | 10.4 | 20.6 | 10.2
3 | 20.6 | 30.8 | 10.3
```

రెండో వరుసలో నీడ పడి 20.6 కాస్తా 20.8 లాగా ఉంది. కానీ వాడినది 10.2 అని ఉంది, పైగా మూడో వరుస 20.6 దగ్గరే మొదలైంది. కాబట్టి ఆరే. మూడో వరుసలో తీసివేస్తే 10.2 రావాలి, షీట్‌లో మాత్రం 10.3 అని స్పష్టంగా అచ్చయింది. దిద్దుదామని చెయ్యి వెళ్ళింది, ఆపుకున్నాను. మసకను లెక్కతో తేల్చవచ్చు గానీ, అచ్చులో ఉన్నదాన్ని మార్చడానికి నేనెవరిని? అట్లే ఉంచి, కింద "షీట్‌లో ఇట్లాగే ఉంది, తీసివేస్తే 10.2" అని రాశాను.

రాత్రి తొమ్మిదికి రిప్లై వచ్చింది: "రాసుకున్న. 10.3 సంగతి రేపు సార్‌ని అడుగుత."