గంటను నాలుగు పావులు చేసుకుని

నవంబర్ 2, ఆదివారం

అమెరికాలో మేముండే చోట ఏటా మార్చిలో గడియారాన్ని గంట ముందుకు, నవంబర్లో గంట వెనక్కి జరుపుతారు. అలా రాత్రి రెండింటికి గడియారం గంట వెనక్కి వెళ్లింది. పొద్దున ఫోన్ తెరిస్తే మాడిసన్‌లో ఉండే మనవాళ్ల గ్రూపులో ఒకటే సంబరం, గంట నిద్ర కలిసొచ్చిందని. నాకు కలిసొచ్చింది పావుగంట. నిన్నటిదాకా 4:30కి మొదలయ్యే పితుకుడు ఈరోజు 3:45కి మొదలైంది. కొత్త గడియారం చూసినవాళ్లకు నేను ముప్పావుగంట ముందే లేచినట్టు ఉంటుంది. ఆవుల లెక్కలో మాత్రం పావుగంట ఆలస్యంగా వచ్చాను.

ఈ లెక్క వేరేవాళ్లకు చెప్పాలంటే నాకే కాసేపు తల తిరుగుతుంది. తిరుపతిలో వెటర్నరీ చదివేటప్పుడు పొదుగు గురించి ఎంతో చదివాం కానీ ప్రభుత్వం ఏటా రెండుసార్లు గడియారం జరిపితే ఏం చెయ్యాలో ఏ పాఠంలోనూ లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు కదా.

మా విస్కాన్సిన్ ఫార్మ్‌లో పాలిచ్చే ఆవులు 120. పొద్దున 4:30, సాయంత్రం 4:30, అంటే పన్నెండు గంటలకోసారి పాలు తీస్తాం. పాలు తీసే పార్లర్‌లో అటు ఎనిమిది, ఇటు ఎనిమిది నిలబడతాయి. మొత్తం అయ్యేసరికి దాదాపు రెండు గంటలు. గడియారాన్ని గంట వెనక్కి జరిపి మేము కూడా దాన్నే పట్టుకుని 4:30కి వెళ్లామనుకోండి, నిన్న సాయంత్రానికీ ఈ పొద్దుటికీ మధ్య పదమూడు గంటలవుతుంది. రోజుకు 36 లీటర్లిచ్చే ఆవు గంటకు లీటరున్నర చేస్తుంది. లీటరున్నర పెద్ద లెక్కా అనిపిస్తుంది. మామూలు ఆవుకు నిజంగానే పెద్ద లెక్క కాదు. ఈని నెలా నెలన్నర అయ్యి 50 లీటర్లు దాటి ఇస్తున్న ఆవుకే ఇబ్బంది. పన్నెండో గంటకే దాని పొదుగు రాయిలా ఉంటుంది. ఆపైన పాలు తమంతట తామే కారడం మొదలవుతుంది. పాలు కారుతున్నాయంటే చన్ను కొన తెరుచుకుందని. అది ఆ స్థితిలో వెళ్లి పరుపు మీద పడుకుంటే కింద ఉన్న మురికికి దారి ఇచ్చినట్టే.

రెండేళ్ల కిందట వేరే ఫార్మ్‌లో ఉన్నప్పుడు ఇది కళ్లారా చూశాను. వాళ్లు ఒక్క దెబ్బకు గంట జరిపేశారు. తెల్లవారేసరికి గేటు దగ్గర ఆవులన్నీ గుమిగూడి ఒకటే అరుపులు, పడుకునే చోట అక్కడక్కడా తెల్లటి మరకలు. మూడు నాలుగు రోజుల తర్వాత మొదటి ధారలు నల్లటి కప్పులోకి పిండి చూస్తే మూడు ఆవుల పాలలో విరుగులు కనిపించాయి. ఆ పొదుగువాపుకు కారణం ఆ ఒక్క గంటేనని నేను ప్రమాణం చేసి చెప్పలేను, ఆ వారం వాన కూడా పడింది, పరుపు తడిగానే ఉంది. కానీ అప్పటి నుంచీ నాకు గంట అంటే భయమే.

ఇక్కడ మా పెద్దాయన పద్ధతి వేరు. గంటను నాలుగు పావులు చేస్తాడు. ఆదివారం 3:45, సోమవారం 4:00, మంగళవారం 4:15, బుధవారం మళ్లీ 4:30. పొద్దున ఏ వేళో సాయంత్రం కూడా అదే వేళ. దాణా ట్రాక్టరూ అలాగే జరుగుతుంది, మేత ముందుకు నెట్టే వేళా అలాగే. పావుగంట తేడాను ఆవు పట్టించుకోదు. మనమే బస్సు పావుగంట లేటైతే గోల చేస్తాం.

ఈ పొద్దున 417 నంబరు ఆవు, అంటే అన్నిటికన్నా ముందు పార్లర్‌లోకి వచ్చే రాణిగారు, నేను వెళ్లేసరికి గేటుకు గడ్డం ఆనించి నిలబడి ఉంది. లైట్లు పడ్డాయి, మనిషి రాలేదేమిటి అన్నట్టు చూసింది. అంతే. అరవలేదు, కారలేదు. చన్నులు మందులో ముంచి, ఒక్కోదానికి నాలుగు ధారలు పిండి, గుడ్డతో తుడిచి, నిమిషంన్నర ఆగి గొట్టాలు తగిలించాను. ఒక్కసారిగా చేపింది. పారదర్శకంగా ఉండే గిన్నెలోకి పాలు ఆగకుండా దిగుతుంటే చూడ్డానికి బాగుంటుంది.

మార్చిలో ఇదే 417 కథ వేరేగా ఉంటుంది. మార్చిలో గంట ముందుకు వెళుతుంది కాబట్టి ఆవుల లెక్కలో మేము తొందరపడి వచ్చినవాళ్లం. పొదుగు గట్టిపడి ఉండదు, అవి హాయిగా పడుకుని నెమరు వేస్తుంటాయి. ఒక్కోదాన్నీ తట్టి లేపాలి. లేచినా మనసు ఇక్కడ ఉండదు. గొట్టాలు తగిలిస్తే చన్నుల్లో ఉన్న కాసిని పాలు గిన్నెలోకి వచ్చి ధార ఆగిపోతుంది, అర నిమిషం ఖాళీ, ఆ తర్వాత మళ్లీ మొదలవుతుంది. అంటే ఆవు చేపకముందే మనం మిషన్ పెట్టామని. ఆ ఖాళీ అర నిమిషం మిషన్ వట్టి చన్నును లాగుతుంటుంది, అది ఆవుకు నొప్పి. తుడవడం, పిండడం ఇంకాస్త ఎక్కువసేపు చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. నా లెక్క ప్రకారం మార్చి మార్పు మనుషులకు కష్టం, నవంబర్ మార్పు ఆవులకు కష్టం. పేపర్లలో మాత్రం ఏటా మార్చి గురించే రాస్తారు. రాసేది మనుషులే కదా.

అసలు ఆవుల్ని ఏడాది పొడుగునా సూర్యుడి వేళకే వదిలేసి గడియారాన్ని పట్టించుకోకపోతే ఏం పోతుంది? చేరిన కొత్తలో నేనూ పెద్దాయన్ని ఇదే అడిగాను. ఆయన నన్ను పాల ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లి థర్మామీటరు చూపించాడు. మా దగ్గరికి పాల లారీ పొద్దున ఏడింటికి వస్తుంది, అదీ గడియారం ఏడింటికి. ఇప్పుడైతే 4:30కి మొదలుపెట్టి 6:30కి ముగిస్తాం, లారీ వచ్చేసరికి పాలు చల్లబడి ఉంటాయి. మార్చిలో గడియారం జరిగాక కూడా మేము పాత వేళే పట్టుకుంటే కొత్త గడియారంలో 5:30కి మొదలై 7:30కి ముగుస్తుంది. డ్రైవర్ ఏడింటికి వచ్చి ట్యాంకు మూత తీస్తే లోపల ఇంకా గోరువెచ్చటి పాలు దిగుతుంటాయి. అతను పాలను బాగా కలిపించి, శాంపిల్ తీసి, వేడి చూసి రాసుకోవాలి. అవి చల్లగా లేకపోతే ఎక్కించుకోడు. పితుకుడు అయిన రెండు గంటల్లో పాలు 45 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు 7 సెల్సియస్‌కు దిగాలన్నది ఇక్కడి నియమం. లారీకి మా తర్వాత ఇంకా చాలా దొడ్లు ఉన్నాయి, మా కోసం ఆగదు. కాబట్టి ఆవుకు గడియారం నేర్పుతున్నది లారీయే.

ఈ గడియారం జరపడం రైతుల కోసమే పెట్టారని ఇక్కడ చాలామంది నమ్ముతారు. ఆ మాట ఎత్తితే పెద్దాయనకు ఒళ్లు మండుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, ఇంధనం ఆదా పేరుతో దీన్ని తెచ్చారు. ఏడాది తిరక్కుండానే రైతులు పోరాడారు. అప్పటి అధ్యక్షుడు విల్సన్ వీటో చేసినా అమెరికా చట్టసభ కాంగ్రెస్ దాన్ని తోసిరాజని 1919లో రద్దు చేసింది. రైతుల బాధ ఎండుగడ్డితో వచ్చింది. కోసిన గడ్డి మీద మంచు ఆరితే తప్ప దాన్ని మోపులు కట్టకూడదు, తడిగా కడితే బూజు పడుతుంది, లోపల వేడెక్కుతుంది. మంచు ఆరేది ఎండకు, గడియారానికి కాదు. గడియారాన్ని గంట ముందుకు జరిపితే కూలీలు పొద్దున గంటసేపు మంచు ఆరేదాకా ఊరికే కూర్చుంటారు, సాయంత్రం గడ్డి బాగా ఆరి పని జోరుగా సాగే వేళకు టైమైందని వెళ్లిపోతారు. జీతం అదే. తర్వాత మళ్లీ యుద్ధం వచ్చింది, మళ్లీ తెచ్చారు. ఆ రెండో యుద్ధం రోజుల్లో, 1942 నుంచి 1945 దాకా, మన దేశంలోనూ గడియారాన్ని గంట ముందుకు పెట్టారన్న సంగతి ఇక్కడికొచ్చాకే నాకు తెలిసింది.

షెడ్డు లైట్ల టైమరు సంగతి రాయడం మరిచిపోయాను. ఫోన్లు తమంతట తామే మారతాయి, ఇది మారదు. గుండ్రటి చక్రం, చుట్టూ చిన్న చిన్న మేకులు. పాలావులకు రోజుకు పదహారు గంటల వెలుగు ఇస్తే ఎక్కువ పాలిస్తాయి, చలికాలం ఆ పనంతా ఈ చక్రానిదే. పోయిన నవంబర్లో నేను తెలివి చూపించి చక్రాన్ని వెనక్కి తిప్పబోతే టక్కుమంది. అది ముందుకు మాత్రమే తిరుగుతుందట, గంట వెనక్కి వెళ్లాలంటే ఇరవై మూడు గంటలు ముందుకు తిప్పాలి. పెద్దాయన చూసి నవ్వి, దాని కరెంటు తీసేసి, బకెట్ మీద కూర్చుని పావుగంట ఏదో పేపరు చదువుకుని, మళ్లీ పెట్టాడు. కరెంటు లేకపోతే చక్రం ఆగుతుంది, పావుగంట వెనకపడుతుంది. నాలుగు రోజులు నాలుగు పావులు. ఈరోజు మధ్యాహ్నం ఆ బకెట్ మీద కూర్చున్నది నేను.

అక్కడ కూర్చుని ఆలోచిస్తే తోచింది. ఆవు సూర్యుణ్ణి చూసి నడుస్తుందని నేనూ అందరితో అనేవాణ్ణి. ఈ వారం ఇక్కడ సూర్యుడు లేచేది 6:30కి. 417 గేటు దగ్గరికి వచ్చేసరికి బయట చీకటి. అది చూసుకునేది నిన్న ఏ వేళకు లైటు పడింది, ఏ వేళకు ట్రాక్టరు చప్పుడైంది, తన పొదుగు ఎంత బరువెక్కింది, ఇంతే. బయట మేసే ఆవైతే వేరే మాట. వాటికి పొద్దు పొడిచే వేళా, కుంకే వేళా మేతకు ముఖ్యం. షెడ్డులో ఉన్నదానికి సూర్యుడు సగమే, మిగతా సగం మేమే.

పొద్దున పని అయ్యాక, ఇక్కడ ఆరు దాటుతుండగా, నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం అయిదున్నర. గేదెల పాలు కేంద్రంలో పోసి అప్పుడే వచ్చాడట.

“ఏరా, నిన్న మొన్న అయిదుంబావుకే ఫోన్ చేసేవాడివి, ఇవాళ లేటైందే?”

“ఇక్కడ గడియారం మార్చారు నాన్నా. గంట వెనక్కి.”

“ఎవరు మార్చారు?”

“ప్రభుత్వం.”

“మరి ఆవులకు చెప్పారా?”

“పావుగంట చొప్పున చెబుతున్నాం.”

నవ్వాడు. అక్కడ రెండు గేదెలు, నాలుగింటికి పీట వేసుకుని కూర్చుంటాడు. దూడను ముందు వదిలి, చేపాక పక్కకు కట్టేసి పితుకుతాడు. బుధవారానికి మా 4:30, ఆయన నాలుగు గంటలు సరిగ్గా ఒకే క్షణం అవుతాయని లెక్క చెప్పాను. మళ్లీ మార్చి వచ్చేదాకా అలాగే ఉంటుంది.

“అయితే ఇద్దరం ఒకేసారి పీట మీద కూర్చుంటామన్నమాట,” అన్నాడు.

మాకు పీటలు లేవని, నేను గుంటలో నిలబడితే ఆవులు నా తలెత్తున ఉంటాయని ఆయనకు చెప్పలేదు.