నీటికుక్క రాయిని ఎప్పుడు వదిలేస్తుంది?

కాలిఫోర్నియాలో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులను ఒక శనివారం మాంటెరీకి తీసుకువెళ్లడం ఇక్కడి తెలుగు కుటుంబాలలో ఆనవాయితీగా మారింది. మా అమ్మాయి కూడా అక్వేరియం టికెట్లు కొనబోయింది. మనిషికి అయ్యే ఖర్చును రూపాయల్లోకి మార్చి చూసుకుని, గాజు వెనుక ఉన్న జంతువుల కోసం అంత పెట్టనక్కరలేదని, దారిలో మాస్ లాండింగ్ అనే చిన్న రేవు దగ్గర ఆపితే చాలని నేను పట్టుబట్టాను. ముప్పై ఏళ్లకు పైగా కాకినాడలో జంతుశాస్త్రం చెప్పినవాడిని కాబట్టి సముద్రపు నీటికుక్కలు అక్కడ ఊరికే కనిపిస్తాయని నాకు తెలుసు. "నాన్నా, అక్కడ చూడటానికి రెండు పొగగొట్టాలు, చేపల వాసన తప్ప ఏమీ లేవు" అని అమ్మాయి అన్నది. పొగగొట్టాల విషయంలో ఆమె చెప్పింది నిజమే. మైళ్ల దూరం నుంచే అవి కనిపిస్తాయి.

పదిహేడో నంబరు కొండదారి గురించి చెప్పేదేమీ లేదు. వాట్సన్‌విల్ దాటాక ఒకటో నంబరు రహదారి ఇరుకై, వాహనాలు ఒకదాని వెనుక ఒకటి నత్తనడక నడిచాయి. మా అల్లుడు పళ్లు కొరుకుతూ నడిపి, జెట్టీ రోడ్డులోకి తిప్పాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. ఆ రోడ్డు బెన్నెట్ స్లూ అనే ఉప్పునీటి పాయను దాటే చోట నీరు అటూ ఇటూ పారడానికి కింద తూములు వేసి, గట్టు కోసుకుపోకుండా పెద్ద పెద్ద బండలు పేర్చారు. చూడటానికి మన పంట కాలువల తూముల దగ్గర రివిట్‌మెంటు రాళ్లలాగే ఉంటాయి. ప్రయాణికులు ఆగి ఫొటో తీసుకునే స్థలం కాదది. కానీ నేను వచ్చింది ఆ రాళ్ల కోసమే.

గట్టు మీద ఒక పెద్దావిడ మూడు కాళ్ల స్టాండు మీద దూరదర్శిని పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నీటికుక్కలను లెక్కపెట్టే స్వచ్ఛంద సేవకురాలినని పరిచయం చేసుకుని, నేను అడగకుండానే కుర్చీ నా వైపు జరిపారు. చూస్తే ఒక జంతువు వెల్లకిలా తేలుతూ, ముందరి పాదాల మధ్య ఆలిచిప్పను పట్టుకుని, నీటికి ఆనుకుని ఉన్న బండ కొస మీద బాదుతున్నది. ఆ చప్పుడు పక్కింట్లో ఎవరో రోట్లో పోటు వేస్తున్నంత స్పష్టంగా, అంతే తీరికగా వినిపించింది. చిప్ప పగిలింది. మాంసం నాకి, చిప్పను నీళ్లలోకి వదిలేసి, బొర్లి శరీరం కడుక్కుని మళ్లీ మునిగింది.

అందరికీ తెలిసిన దృశ్యం దీనికి కొంచెం భిన్నంగా ఉంటుంది. సముద్రంలో ఇవి అడుగు నుంచి రాయి తెచ్చుకుని, పొట్ట మీద దాగలిలా పెట్టుకుని, దాని మీద చిప్పను కొడతాయి. ముందరి కాలి కింద వదులుగా వేలాడే చర్మపు మడతలో రాయినీ, ఆహారాన్నీ దాచుకుని పైకి తెస్తాయి. ఈ అలవాటును శాస్త్రీయంగా నమోదు చేసిన తొలి అధ్యయనాలలో ఒకటి హాల్, షాలర్ అనే ఇద్దరు 1964లో ప్రచురించినది. మాంటెరీకి దక్షిణాన పాయింట్ లోబోస్ దగ్గర ఒక నీటికుక్క 86 నిమిషాల్లో 54 ఆలిచిప్పలను 2,237 దెబ్బలతో పగలగొట్టిందని వారు లెక్కపెట్టారు. చిప్పకు నలభైకి పైగా దెబ్బలు! ఆ ఓపికను తెలివి అనాలా, అలవాటు అనాలా అన్నది నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న.

బెన్నెట్ స్లూ రాళ్లు ఆ ప్రశ్నకు ఒక కొత్త ఆధారాన్ని ఇచ్చాయి. పనిముట్లు వాడింది మనుషులైతే పురావస్తు శాస్త్రజ్ఞులు రాళ్ల మీద అరుగుదలను, చుట్టూ పడి ఉన్న పెంకులను చదువుతారు. ఒక బృందం అదే పద్ధతిని ఈ తూముల దగ్గర ప్రయోగించి, పదేళ్ల పరిశీలనలతో కలిపి 2019లో ప్రచురించింది. నీటి పైకి కనిపించే 421 బండల్లో 77 బండలపై అరిగిన గుర్తులు ఉన్నాయి. ఆ అరుగుదల కూడా ఎక్కడపడితే అక్కడ లేదు. నీటిలో తేలుతూనే అందుకోగల కొసల మీద, అంచుల మీద ఉన్నది. కింద పోగుపడిన చిప్పల్లో చాలావాటికి రెండు పెంకులూ అతుక్కునే ఉండి, కుడివైపు పెంకు మాత్రమే ఏటవాలుగా పగిలి ఉన్నది. వీడియోలు చూస్తే కారణం తెలిసింది. ఇవి చిప్పను రెండు పాదాలతో సమంగానే పట్టుకుంటాయి గానీ, దెబ్బ వేసే క్షణంలో కుడి పాదం కాస్త పైకి వస్తుంది. అలలు కొట్టి పగిలిన చిప్పకూ, పక్షి పగలగొట్టిన చిప్పకూ ఆ గుర్తు ఉండదు. అంటే రేపు ఈ జంతువులు ఇక్కడ లేకపోయినా, ఒకప్పుడు ఉన్నాయని రాళ్లు చెప్పగలవు.

ఇదంతా నేను వివరిస్తుంటే మా అల్లుడు ఒకే మాట అడిగాడు: "మామయ్య గారూ, రాయి వాడుతుంది కాబట్టి ఇది తెలివైనదని అనుకోవచ్చా?"

అంత తొందరగా అనలేము. మనుషులు సాకిన అనాథ నీటికుక్క పిల్లలు పెద్దదాన్ని చూడకుండానే వస్తువులను దేనికో ఒకదానికి కొట్టడం మొదలుపెడతాయి. బాదడం అనే మొరటు పునాది పుట్టుకతోనే వస్తుందన్నమాట. అడవి పిల్లలు తల్లితో ఉండే సుమారు ఆరు నెలల్లో దానికి నగిషీ పడుతుంది; ఏది తినాలి, దేన్ని ఎలా పగలగొట్టాలి అన్నవాటిలో కూతురు తరచుగా తల్లిని పోలి ఉంటుంది. మరోవైపు 2017లో జన్యువులను పోల్చి చూసినప్పుడు, తరచుగా రాళ్లు వాడేవాటి మధ్య ప్రత్యేకమైన దగ్గరి బంధుత్వం కనిపించలేదు. ఆస్ట్రేలియాలో స్పాంజిని ముట్టెకు తొడుక్కునే డాల్ఫిన్లు ఒకే తల్లి వంశానికి చెందినవి. నీటికుక్కల అలవాటు అలా ఒక కుటుంబం మొన్న కనిపెట్టినది కాదు, జాతి మొత్తానికీ చాలా పాతది.

అందుచేత బాదడాన్ని చూసి తెలివిని కొలవడం నాకు సమ్మతం కాదు. బాదకుండా ఉండడాన్ని చూడాలి. ఈ తూముల దగ్గర స్థిరమైన బండలను ఇవి ఆలిచిప్పలకు మాత్రమే వాడాయి, అదీ తిన్న ఆలిచిప్పల్లో దాదాపు ఐదో వంతుకే. మిగతావాటిని మరో విధంగా తెరిచాయి. దూరదర్శినిలో నేను చూసిన జంతువే ఒక చిప్పను బండకు కొట్టి, తరువాతి దాన్ని కొరికి తెరిచి, మూడోదాన్ని తెచ్చి మళ్లీ బండ దగ్గరికి ఈదింది. ఎందుకని పెద్దావిడను అడిగాను. "చిన్నవైతే పళ్లే చాలు కదా" అని ఆవిడ అన్నారు.

ఆ మాటకు బలం చేకూర్చే పని 2024లో వెలువడింది. కాలిఫోర్నియా తీరంలో రేడియో ట్యాగులు అమర్చిన 196 నీటికుక్కలను అనుసరించినవారికి, పనిముట్లు ఎక్కువగా వాడేవి ఆడవేనని తేలింది. మగవాటికన్నా ఆడవాటి శరీరం చిన్నది, కాటు బలం తక్కువ. రాయి సాయంతో అవి తమ పళ్లకు లొంగని పెద్ద, గట్టి చిప్పలను తినగలిగాయి. పైగా రాళ్లు వాడేవాటి పళ్లు తక్కువగా దెబ్బతిన్నాయి. రోజుకు ఒంటి బరువులో సుమారు నాలుగో వంతు తినవలసిన జంతువుకు పళ్లు పోతే ఆకలిచావే గతి. ముళ్ల బంతుల్లాంటి అర్చిన్లు, పెద్ద సముద్రపు నత్తలైన అబలోన్ల వంటి ఇష్టమైన ఆహారం తరిగిపోయి గట్టి నత్తలు, ఆలిచిప్పలే మిగిలిన చోట రాయి అవసరం మరింత పెరుగుతుంది.

మా కోరింగ మడ అడవుల్లోని నీటికుక్కలు నాకు గుర్తుకు వచ్చినది ఇక్కడే. అవి మందలుగా చేపలను తరిమి పట్టుకుంటాయి. చేపకు రాయి ఎందుకు? వాటికి పనిముట్టు లేదు కాబట్టి వీటికన్నా మొద్దువని చెప్పడం, గునపం పట్టడం రాని గుమాస్తాకు బుర్ర లేదనడం లాంటిది.

కాకుల విషయంలో శాస్త్రజ్ఞులే ఒకసారి ఇలా తొందరపడ్డారు. ఆక్స్‌ఫర్డ్‌లో బెట్టీ అనే న్యూ కలెడోనియా కాకి తిన్నని తీగను వంచి కొక్కెం చేసి, గొట్టంలోని చిన్న బకెట్టును పైకి లాగినట్టు 2002లో ప్రకటించారు. ఎన్నడూ చూడని సమస్యను మనసులోనే పరిష్కరించిందని లోకమంతా మెచ్చుకుంది. 2016లో అదే జాతి అడవి కాకులను పరిశీలిస్తే, మామూలు పుల్లలతో పనిముట్టు చేసేటప్పుడు కూడా అవి వంచుతాయని తేలింది. బెట్టీ తెలివితక్కువదని దీని అర్థం కాదు. వంచడం అన్న పని ఒక్కటే ఆ తెలివికి రుజువు కాదని మాత్రమే.

ఆక్టోపస్‌ది మరో దారి. ఇండోనేషియాలో మనుషులు పారేసిన కొబ్బరిచిప్పలను శుభ్రం చేసుకుని, ఒకదానిలో ఒకటి పేర్చి, శరీరం కింద పెట్టుకుని, చేతులను కొయ్యకాళ్లలా బిగించి నడుచుకుంటూ పోయే ఆక్టోపస్‌ల గురించి 2009లో వెల్లడించారు. మోస్తున్నంతసేపూ ఆ చిప్పలు రక్షణ ఇవ్వవు సరికదా నడకను కష్టం చేస్తాయి. తరువాత దాక్కోవడానికే పనికివస్తాయి. తల్లిని చూడని, ఏడాదో రెండేళ్లో బతికే ప్రాణి ఇంత ముందుచూపు చూపితే దాన్ని తల్లి నేర్పిన విద్య అనలేము. నీటికుక్క నుంచి తీసుకున్న వివరణను దీనికి తొడిగితే అతకదు.

పోటు ఎక్కేసరికి అరిగిన బండల్లో కొన్ని మునిగిపోయాయి. కాయక్ అద్దెకు తీసుకుని దగ్గరగా చూద్దామని అమ్మాయి అన్నది గానీ, దాని ధర అక్వేరియం టికెట్టుతో పోటీ పడుతున్నది. పైగా దగ్గరికి పోతే జంతువు తినడం మానేస్తుందని పెద్దావిడ ముందే హెచ్చరించారు. రేవులో ఒక చిన్న గిన్నెడు సూపుకు రెండు పూటల భోజనం డబ్బు ఇచ్చి, చల్లగాలికి ముక్కు కారుతుండగా తాగాము. మా అల్లుడు అప్పటికి పెద్ద చిప్పకు బండ, చిన్న చిప్పకు పళ్లు అంటూ ఫోనులో గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. చిప్ప పరిమాణంతో పాటు జంతువు ఆడదా మగదా అన్నదీ, దగ్గరలో బండ ఉన్నదా లేదా అన్నదీ రాసుకోకపోతే ఆ పట్టికకు విలువ ఉండదని నేను అభ్యంతరం చెప్పాను. ఆడమగలను ఇంత దూరం నుంచి ఎలా గుర్తుపట్టాలని అతడు అడిగాడు. ముక్కు మీద గాయపు మచ్చ ఉంటే ఆడది కావచ్చు, జత కట్టేటప్పుడు మగది దాన్ని కొరికి పట్టుకుంటుంది అన్నాను. సూపు చల్లారేలోపు ఇద్దరమూ మళ్లీ గట్టు మీదికి వెళ్లాము.