91 మంది, 12 వేల మంది

"తెలివి పెరుగుతుందని నమ్మితే మార్కులు వాటంతటవే పెరుగుతాయి" అని నా క్లాసులో ఏళ్ల తరబడి చెప్పాను. మార్కులు పెరగని పిల్లలు తాము సరిగ్గా నమ్మలేదేమో అని బాధపడ్డారు. అది నన్ను ఇప్పటికీ తొలుస్తోంది.

తెలివి పెరుగుతుందని పిల్లలకు నేర్పి చూసిన 2007 నాటి ప్రయోగాన్ని నేను ఆధారంగా తీసుకున్నాను. అందులో ఉన్నది 91 మంది విద్యార్థులే. అంత చిన్న గుంపులో నలుగురైదుగురు పిల్లలు మారినా సగటు కదులుతుంది. పైగా పెద్ద తేడా కనబడిన చిన్న ప్రయోగాలే ఎక్కువగా అచ్చవుతాయి, తేడా రానివి సొరుగులో ఉండిపోతాయి. అందుకే మొదటి అంకెలు పెద్దవిగా కనిపిస్తాయి.

అమెరికాలో 12 వేల మందికి పైగా తొమ్మిదో తరగతి పిల్లలపై, విశ్లేషణ ఎలా చేయాలో ముందే రాసిపెట్టుకుని ఇదే విషయం మీద చేసిన ఒక అధ్యయనం 2019లో అచ్చయింది. వెనుకబడిన పిల్లల గ్రేడు 4 పాయింట్ల స్కేలు మీద సుమారు 0.1 పెరిగింది. అంతే. అయితే అది గంటలోపు ఆన్‌లైన్ పాఠం, 2007లో ఎనిమిది సెషన్లు. కాబట్టి రెండూ సరిగ్గా ఒకటే కాదు. గంటలోపు పనికి 0.1 తక్కువేమీ కాదనే అనుకుంటాను. కానీ నేను పిల్లలకు మాటిచ్చింది అంతకన్నా చాలా ఎక్కువ.

అదే ఏడాది ఇంగ్లండ్ నుంచి ఇంకో ఫలితం వెలువడింది: 101 బడుల్లో ఈ నమ్మకాన్ని పిల్లల్లో పెంచేలా టీచర్లకు శిక్షణ ఇచ్చి చూస్తే, పిల్లల చదువులో అదనపు ప్రగతి కనబడలేదు.

నిన్న క్లాసులో ఈ అంకెలన్నీ బోర్డు మీద రాశాను.