బాలానగర్ షెడ్ల దారిలో

జర్మనీలోని స్టుట్‌గార్ట్ దగ్గర ప్రెస్సులో బిగించి రేకును కోసే అచ్చులకు, అంటే ప్రెస్ టూల్స్‌కు, డిజైనరుగా పనిచేసి హైదరాబాదుకు తిరిగి వచ్చాక నా డ్రాయింగుల ప్రకారం టూల్స్ చేసిపెట్టే పనిమంతులైన జాబ్ వర్క్ వాళ్లు నాకు కావలసి వచ్చింది. అంతర్జాలంలో దొరికిన చిరునామాలకు డ్రాయింగు పంపితే ఎవరూ జవాబివ్వలేదు. అందులో వారి తప్పేమీ లేదు; ధరలు పోల్చుకోవడానికే డ్రాయింగులు పంపేవారు ఎక్కువ కనుక, ముక్కూ మొహమూ తెలియని వాడి కోసం గంటసేపు కూర్చుని లెక్క కట్టే తీరిక నలుగురు మనుషులున్న షెడ్డుకు ఉండదు.

అందుకే మెట్రోలో బాలానగర్ వెళ్లి, ముందుగా ఒక స్టీలు కొట్టులో అడుగుపెట్టాను. 1968లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఈ ప్రాంతంలోనే ఉంది. అక్కడ చదివిన నా పాత మిత్రుడొకరు ఆ కొట్టు యజమానికి ఫోను చేసి, "మనవాడే, చూడండి" అని చెప్పి ఉంచాడు. టూల్స్ తయారుచేసే షెడ్డును, అంటే టూల్‌రూమ్‌ను, వెతికేవారు టూల్‌రూమ్‌కే వెళ్లాలనుకుంటారు గాని, ఎవరు నెలనెలా టూల్స్‌కు వాడే గట్టి డీ2 స్టీలు కొంటున్నారో, ఎవరు బాకీ సకాలంలో తీరుస్తున్నారో స్టీలు అమ్మేవాడికి తెలిసినట్లు మరెవరికీ తెలియదు. నా డ్రాయింగులో అదే స్టీలుకు 1.2379 అని జర్మన్ అంకె ఉంది. ఆయన దాన్ని చూసి, "ఇక్కడ డీ2 అని రాయండి సార్, లేకపోతే దిగుమతి సరుకు అనుకుని ధర పెంచేస్తారు" అన్నాడు. వెనక సందులోని టూల్‌రూమ్ పేరు చెప్పి, నన్ను కూర్చోబెట్టుకునే వాళ్లకు ఫోను చేశాడు.

ఆ ఫోను ఒక రకంగా జామీనే. నేను డబ్బు ఎగ్గొడితే ఆ టూల్‌రూమ్ యజమాని అడిగేది నన్ను కాదు, స్టీలు కొట్టాయనను. చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం 45 రోజుల్లోపు చెల్లించాలన్న నియమం 2006 నుంచీ ఉన్నా, ఆ గడువు దాటిన పెద్ద కొనుగోలుదారుపై ఫిర్యాదు చేసి ఉన్న పని పోగొట్టుకోవడానికి చిన్న షెడ్లు జంకుతాయి. అందుకే కొత్తవాణ్ని నమ్మడానికి పరిచయం చేసిన మనిషి మాటే వారికి ఆధారం.

టూల్‌రూమ్ యజమాని అరవై దాటిన మనిషి. ఒక మిల్లీమీటరు మందం మెత్తటి ఉక్కు రేకులో క్లిప్పు కోసే నా టూల్ డ్రాయింగు చూసి, రేకును పొడిచే పంచ్‌కూ, కింద అదే ఆకారంలో రంధ్రం ఉండే డైకీ మధ్య పక్కకు 0.05 మిల్లీమీటర్ల ఖాళీ ఇచ్చానని గమనించి తల ఊపాడు. స్టీలును కాల్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ ఎక్కడ చేయిస్తారని అడిగితే మాత్రం వెంటనే చెప్పలేదు. నమ్మకంగా చేసే కొలిమి వివరం వారి వ్యాపార రహస్యంలాంటిది. మొదటి పనికి అడ్వాన్సు ఇచ్చిన తర్వాతే జీడిమెట్లలో గాలి తగలకుండా స్టీలును కాల్చే వాక్యూమ్ ఫర్నేసు వాళ్లకు నన్ను పరిచయం చేశాడు.

ఆటోలో అక్కడికి చేరేసరికి మధ్యాహ్నమైంది. బ్లాకులు చేతిలోకి తీసుకోకముందే ఆ షెడ్డు పెద్దాయన వేసిన ప్రశ్న ఆయన పనితనమేమిటో చెప్పింది: "దీన్ని తర్వాత వైర్‌కట్ చేస్తారా?" వైర్‌కట్ అంటే కరెంటు పారే సన్నని తీగతో స్టీలును కోయడం. చేస్తామన్నాను. అలాగైతే 1020 డిగ్రీల దగ్గర కాల్చి 200 దగ్గర మళ్లీ వేడిచేసి టెంపర్ చేసే మామూలు పద్ధతి పనికిరాదని, లోపల మిగిలిపోయే ఒత్తిడి వల్ల వైరు కోస్తుండగానే బ్లాకు పగిలే ప్రమాదముందని ఆయన వివరించాడు. 1070 డిగ్రీల దాకా వేడిచేసి, ఆ తర్వాత 500 పైన రెండుసార్లు టెంపర్ చేస్తే గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 58 హెచ్‌ఆర్‌సీ దగ్గర నిలిచి, బ్లాకు కూడా స్థిరంగా ఉంటుందన్నాడు. ఇంత వివరంగా అడిగి చేసేవారు స్టుట్‌గార్ట్‌లోనూ అందరూ ఉండేవారు కాదు.

వైర్‌కట్ మనిషిని ఈ ఫర్నేసాయనే చూపించాడు. కోతలో ఏమీ పగలలేదు. అయితే టూల్ బిగించి మొదటి రేకులు కొట్టినప్పుడు క్లిప్పుకు ఒక పక్కే కోత అంచున లేచే పదునైన గరుకు, అంటే బర్, ఎక్కువగా వచ్చింది. అంచుల్ని భూతద్దంలో చూస్తే ఎదురు పక్కన నునుపైన మెరుపు పట్టీ వెడల్పుగా కనిపించింది. అంటే పంచ్ ఆ వైపుకు జరిగి, ఖాళీ రెండు పక్కలా సమానంగా లేదన్నమాట. టూల్‌రూమ్ యజమాని వాదించలేదు. పంచ్ ప్లేటును సరిచేసి, దాన్ని కదలకుండా నిలిపే డోవెల్ పిన్నుల రంధ్రాలు మళ్లీ వేయించాడు. తర్వాతి రేకుల్లో బర్ చుట్టూ సన్నగా, ఒకే తీరుగా వచ్చింది.

మిగిలిన డబ్బు ఆ సాయంత్రమే ఇచ్చేశాను. టీ తాగుతూ ఆయన తనంతట తానే జేబులోంచి ఫోను తీసి, చర్లపల్లిలో 100 టన్నుల ప్రెస్సు నడిపే తన బావమరిదికి నా గురించి చెప్పి, గురువారం పొద్దున రమ్మన్నాడని నాతో అన్నాడు.