మూడు దాటకముందే

ఇంటర్ మొదటి సంవత్సరంలో నాకు కోపం వస్తే మా ఇంట్లో తలుపులు, గిన్నెలు అన్నీ మోగేవి. కోపం దిగాక మిగిలేది అంతకంటే ప్రమాదకరమైనది. నన్ను నేను గాయపరచుకోవాలనే తహతహ. సైకియాట్రిస్టు మందులు రాసి, డీబీటీ నేర్పే సైకాలజిస్టు దగ్గరికి పంపారు. డైలెక్టికల్ బిహేవియర్ థెరపీకి పొట్టి పేరు అది. అమెరికాలో మార్షా లీనహాన్ దీన్ని రూపొందించింది పదే పదే ఆత్మహత్యకు ప్రయత్నించే పెద్దవాళ్ల కోసం. తర్వాత ఆలెక్ మిల్లర్, జిల్ రాథస్ వంటివారు దాన్ని టీనేజీ పిల్లలకు తగ్గట్టు మార్చి, తల్లిదండ్రులను కూడా తరగతిలో కూర్చోబెట్టారు. మా ఊళ్లో అలాంటి తరగతి లేదు. ఒక వారం నేను ఒక్కదాన్నే, మరో వారం అమ్మతో కలిసి వెళ్లేదాన్ని.

మొదట ఇచ్చింది డైరీ కార్డు. రోజూ రాత్రి ఆ రోజు గాయపరచుకోవాలన్న కోరిక ఎంత బలంగా వచ్చిందో సున్నా నుంచి ఐదు వరకు అంకె వేయాలి. ఆ కోరికను తట్టుకోవడానికి నేర్పిన నైపుణ్యాల్లో ఏది వాడానో గుర్తు పెట్టాలి. వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ నానమ్మ, బాబాయి, తమ్ముడు అందరూ తిరిగే ఇంట్లో అలాంటి కాగితం ఎక్కడ దాస్తాం? రెండు వారాలు ఖాళీ కార్డే తీసుకెళ్లాను. మేడమ్ కోప్పడలేదు, కార్డును పక్కన పెట్టేశారు. ఫిజిక్స్ నోట్సు మార్జిన్‌లో చుక్కలు పెట్టమన్నారు. రెండు చుక్కలంటే రెండు, నాలుగంటే నాలుగు. మా ఇంట్లో నా ఫిజిక్స్ నోట్సు తెరిచేవాళ్లు ఎవరూ లేరు, ఒక్కోసారి నాతో సహా.

ఆ చుక్కలు పెట్టడం మొదలయ్యాకే ఒక విషయం బయటపడింది. నాలుగు దాటాక నాకు ఏ నైపుణ్యమూ గుర్తు రాదు. మూడు దగ్గర మాత్రం శరీరం చెబుతుంది. చెవులు వేడెక్కుతాయి, దవడ బిగుస్తుంది, ఎదుటివాళ్ల మాట చివరి ముక్కే వినిపిస్తుంది. అందుకని మా ఒప్పందం మారింది. సంక్షోభం వచ్చాక వాడాల్సిన చన్నీళ్ల పద్ధతిని నేను మూడు దగ్గరే మొదలుపెట్టాలి.

ఆ పద్ధతి ఇదీ. గిన్నెలో చల్లటి నీళ్లు పోసి, ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, కళ్ల కింద నుంచి చెంపల దాకా మునిగేలా ముఖం పెట్టి పదిహేను నుంచి ముప్ఫై సెకన్లు ఉండాలి. నీటిలో మునిగినప్పుడు శరీరం తనంతట తాను గుండె వేగం తగ్గించుకుంటుంది, దాన్ని వాడుకోవడమే ఇందులోని కిటుకు. ముఖం మీద నీళ్లు చిలకరించుకుంటే అంతగా పనిచేయదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, తిండి మానేసి చిక్కిపోయినవాళ్లు డాక్టరును అడగకుండా చేయకూడదు. మాకు వచ్చిన చిక్కు వేరు. మే నెలలో మా మిద్దె మీది ట్యాంకు నీళ్లు టీ పెట్టుకోవచ్చన్నట్టు వస్తాయి. ఫ్రిజ్ నీళ్లు నేరుగా పోస్తే మరీ చల్లన, పది డిగ్రీల కంటే తగ్గకూడదన్నారు. సగం ఫ్రిజ్ నీళ్లు, సగం కుండ నీళ్లు కలిపితే సరిపోయింది. ఫ్రిజ్ తలుపులో ఒక సీసా నా పేరుతో ఉండేది. తమ్ముడు దాన్ని తాగేయడం వల్ల జరిగిన గొడవ వేరే కథ.

దీని బలం కొన్ని నిమిషాలే. గుండె నెమ్మదించగానే తగ్గిపోయిందని మళ్లీ అదే గదిలోకి, అదే వాదనలోకి వెళ్తే అంకె పైకి పాకుతుంది. అందుకే ముఖం తుడుచుకున్న వెంటనే మిద్దె ఎక్కి, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులుతూ నడవాలి. కిందికి దిగడం అంకె రెండుకు వచ్చాకే.

అసలు మార్పు మాత్రం నీళ్లతో రాలేదు, గొలుసు విశ్లేషణతో వచ్చింది. జరిగిన ఒక్క ఘటనను తీసుకుని, ముందు ఏముంది, తర్వాత ఏమైంది అని లంకె తర్వాత లంకెగా విడదీయడం అది. మేము విడదీసింది ఒక శనివారం రాత్రి. ముందురోజు నిద్ర లేదు, మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. సాయంత్రం వారాంతపు పరీక్ష ర్యాంకులు కాలేజీ నుంచి నాన్న ఫోనుకు వచ్చాయి. భోజనాల దగ్గర అమ్మ, "పక్కింటి అమ్మాయికి ఎంత వచ్చింది?" అంది. నా చెవులు వేడెక్కాయి. నేను ఈ ఇంటికి దండగ అన్న ఆలోచన వచ్చింది. కంచం విసిరేశాను, అరిచాను, గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను, గాయపరచుకున్నాను.

మేడమ్ అక్కడ ఆపలేదు. "తర్వాత?" అన్నారు. తర్వాత అమ్మ ఏడుస్తూ తెల్లవారేదాకా నా తల ఒడిలో పెట్టుకుంది. నాన్న సోమవారం పరీక్షకు వెళ్లొద్దన్నారు. పక్కింటి అమ్మాయి ప్రస్తావన వారం పాటు రాలేదు. కాగితం మీద ఇవన్నీ వరుసగా చూశాక అమ్మ ముఖం పాలిపోయింది. "అంటే ఇది కావాలనే చేస్తోందా?" అని అడిగింది. "కాదమ్మా. బాధ నిజమే. కానీ మామూలు రోజుల్లో దొరకనిది ఆ రాత్రే దొరికితే, మనసు ఆ దారినే నేర్చుకుంటుంది" అన్నారు మేడమ్.

ఆ రోజు మూడు మార్పులు రాసుకున్నాం. ఏ గొడవా లేని రోజుల్లో రాత్రి పది నిమిషాలు అమ్మ నా మంచం మీద కూర్చోవాలి, చదువు ఊసు లేకుండా. ర్యాంకు వచ్చిన రాత్రి ఆ మాట ఎత్తకూడదు, మర్నాడు టిఫిను తర్వాతే. గాయమైతే కట్టు కట్టాలి, ప్రమాదంగా ఉంటే మరో ఆలోచన లేకుండా ఆస్పత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి, ఓదార్పు, చర్చ మాత్రం మర్నాటికి. మందులు, హాని చేసే వస్తువులు అప్పటికే నాన్న తాళం వేసిన బీరువాలో ఉన్నాయి.

మూడోది అమ్మకు చాలా కష్టమైంది. డీబీటీలో ఫోను గురించి ఒక నియమం కూడా అలాంటిదే. గాయపరచుకోకముందు ఫోను చేస్తే థెరపిస్టు సాయం చేస్తారు. చేసుకున్నాక ప్రాణానికి ముప్పు లేకపోతే ఇరవై నాలుగు గంటలు మాట్లాడరు. నేను దాన్ని శిక్ష అనుకుని పోట్లాడాను. ఇప్పటికీ ఒంటరి పిల్లల విషయంలో ఆ నియమం నాకు పూర్తిగా నచ్చదు. మేడమ్ రాత్రుళ్లు ఫోను తీయలేరు కాబట్టి మా ఇంట్లో ఆ పని అమ్మదైంది. నేను పక్క గది నుంచి ఒక్క అంకె మెసేజ్ పెడతాను. మూడు అని పెడితే అమ్మ వచ్చి, ప్రశ్నలు అడగకుండా నీళ్ల గిన్నె పెట్టి నిలబడుతుంది.

నిలబడ్డప్పుడు ఏమనాలో కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. "అంత మాటకే ఇంత కోపమా" అనడం ఆమెకు అలవాటు. దాని బదులు "నలుగురిలో పోల్చాను, నీకు అవమానంగా అనిపించింది" అనడం నేర్పారు. కంచం విసరడం సరేనని కాదు, అనిపించినది నిజమని ఒప్పుకోవడం అంతే. మొదట్లో పాఠం అప్పజెప్పినట్టు అనేది, నాకు ఇంకా మండేది. పోనుపోను ఆమె మాటల్లోనే వచ్చింది: "నాకే ఎవరైనా అలా అంటే ఊరుకుంటానా."

ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. గాయపరచుకోవడం ఆగి చాలా కాలమైంది, మందులు డాక్టరు నెమ్మదిగా తగ్గించి ఆపారు. కోపం పోలేదు. మొన్న సంక్రాంతికి పిన్నితో గట్టిగానే గొడవ పడ్డాను, కానీ మిద్దె మీదికి వెళ్లాక. ఇంట్లో అంకె చెప్పడానికి మనిషి లేని పిల్లలకు 14416 ఉంది, టెలీమానస్ నంబరు. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. వాళ్లకు కూడా మూడు దగ్గర ఉండగానే ఫోను చేయమని చెబుతాను, ఐదు దగ్గర నంబరు నొక్కడమే కష్టం. ఐదు అయినా సరే, నొక్కాలి.