చెప్పిన తేదీ దాటాక మేనేజరుకు గుర్తు చేసిన తీరు: నా అనుభవం

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ సీనియర్ కెమిస్ట్ పోస్టుకు జూన్ 3, మంగళవారం నాడు నాకు ఇంటర్వ్యూ జరిగింది. ల్యాబ్ మేనేజరు దాదాపు గంటసేపు హెచ్‌పీఎల్‌సీ గురించీ, స్పెసిఫికేషన్ దాటిన ఫలితం వచ్చినప్పుడు విచారణ ఎలా జరపాలన్న దాని గురించీ అడిగి, చివర లేస్తూ "పదమూడో తారీఖు లోపల చెప్తం" అన్నారు. కల్వకుర్తి బస్సు ఎక్కగానే ఆ మాటను ఆయన అన్నది అన్నట్టుగా ఫోనులో రాసి పెట్టుకున్నాను. అప్పుడది పెద్ద పనిగా అనిపించలేదు గానీ, తర్వాత నేను రాసిన ప్రతి ఉత్తరమూ ఆ ఒక్క వాక్యం మీదే నిలబడింది.

పదమూడు శుక్రవారం. ఆ రోజు గడిచింది, మెయిలు రాలేదు. రాత్రి తొమ్మిది దాటాక ఉండబట్టలేక మేనేజరుకు వాట్సాప్‌లో "సార్, ఎనీ అప్‌డేట్?" అని పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. తప్పు నాదే. ఆ రెండు మాటల్లో నేనెవరో లేదు, ఏ పోస్టు సంగతో లేదు, ఆయన తేలికగా చెప్పగలిగినది కూడా ఏమీ లేదు.

మరునాడు రెండో శనివారం, ఆపై ఆదివారం. ఆ రెండు రోజుల్లో ఒక పొడవాటి మెయిలు రాశాను. అందులో నా ఆసక్తి, ఇంటి పరిస్థితి, ఎదురుచూపు అన్నీ ఉన్నాయి. వేరే ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్‌లో పనిచేసే మా బావ అది చదివి, "నువ్వు అడిగేది కొలువా, తారీఖా? తారీఖే అడుగు. కొలువు ఆయనొక్కని చేతుల ఉండకపోవచ్చు, తారీఖైతే చెప్పగలుగుతడు" అన్నాడు. మేనేజరు సరేనన్నాక కూడా ఆ పోస్టుకు హైదరాబాద్ ఆఫీసు ఆమోదం, జీతం ఖరారు లాంటివి మిగిలే ఉంటాయనీ, ఆలస్యం చాలాసార్లు అక్కడే జరుగుతుందనీ వివరించాడు.

సోమవారం పొద్దున ల్యాబులో వారం పని పంచుకోవడమే సరిపోతుందని నాకు తెలుసు కనుక ఆ రోజు వదిలేసి, మంగళవారం ఉదయం పదకొండు గంటలకు పంపాను. కొత్త మెయిలు మొదలుపెట్టకుండా, ఇంటర్వ్యూకు పిలిచిన పాత మెయిలుకే జవాబుగా, మేనేజరుకు రాసి హెచ్‌ఆర్‌ను సీసీలో ఉంచాను. దాని సారాంశం ఇంతే:

"సార్, జూన్ 3న సీనియర్ కెమిస్ట్ పోస్టుకు మిమ్మల్ని కలిశాను. 13వ తేదీలోపు నిర్ణయం తెలుపుతామన్నారు. నా దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉంటే, ఎప్పటికి తెలియవచ్చో దయచేసి చెప్పగలరా? నా నోటీసు పీరియడ్ 60 రోజులు."

మరునాడే ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది: ఆడిట్ నడుస్తోంది, 25లోపు చెబుతాం.

ఇరవై అయిదు కూడా అలాగే గడిచింది. ఈలోగా మరో కంపెనీ నుంచి నాకు ఆఫర్ వచ్చింది, దానికి 30వ తేదీలోపు సమాధానం ఇవ్వాలి. 26న హెచ్‌ఆర్‌కు ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. ఆ మాటకు ఏ అర్థమైనా ఉండవచ్చు, ఏమీ లేకపోనూవచ్చు. అదే రోజు మధ్యాహ్నం పాత మెయిలు వరుసలోనే రెండోసారి రాశాను. రెండో ఆఫర్ సంగతి చెప్పాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. లేని ఆఫర్‌ను ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు, ఉన్నదాన్ని బెదిరింపులా చెప్పడమూ ఇష్టం లేదు. అందుకే కంపెనీ పేరూ జీతమూ రాయకుండా, "ఇంకొక చోట 30లోపు సమాధానం ఇవ్వవలసి ఉంది, మీ దగ్గర పనిచేయడమే నాకు ఇష్టం కనుక ఆలోపు పరిస్థితి తెలిస్తే మేలు" అని మాత్రం రాశాను.

27 సాయంత్రం హెచ్‌ఆర్ నుంచి మూడు నెలల పే స్లిప్పులు, చివరి ఇంక్రిమెంట్ లెటర్ పంపమని మెయిలు వచ్చింది. కాగితాలు అడిగారంటే జీతం లెక్క మొదలైనట్టేనని బావ అన్నాడు, కానీ అది ఆఫర్ కాదని కూడా హెచ్చరించాడు. అందుకే రెండో కంపెనీకి కాదని చెప్పకుండా రెండు రోజుల గడువు అడిగాను, ఒప్పుకున్నారు. జూలై 2 మధ్యాహ్నం పోలేపల్లి నుంచి ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, జీతమూ చేరవలసిన తేదీ చదువుకొని, అప్పుడే రెండో వారికి కృతజ్ఞతలు చెప్పి మానుకున్నాను.

సెప్టెంబరులో చేరిన మొదటి వారం, ఏదో మాటల్లో మేనేజరు నవ్వుతూ అన్నారు: "నీ రెండో మెయిల్‌నే హైదరాబాద్‌కు ఫార్వర్డ్ చేసిన. తారీఖులన్నీ అండ్లనే ఉండె, నేను మళ్ల రాసే పని పడలే." వాట్సాప్ సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.