యానాం జంట బొమ్మ: ఫ్రెంచి జెండా మడతల్లో మన త్రివర్ణం

1954లో యానాంలో ఫ్రెంచి జెండా దిగి మన జెండా ఎగిరింది. దాన్ని జంట బొమ్మగా చేస్తున్నాను. రెండింట్లోనూ అదే కర్ర, అదే ఆకాశం, అదే గాలి ఉండాలి, జెండా ఒక్కటే మారాలి. ఎడమ వైపుది ఎండలో ఎగురుతున్న ఫ్రెంచి జెండా ఫోటో. కుడి వైపుది దాని మీదే ఫోటోషాప్‌లో తయారవుతోంది. రెండు జెండాల నిష్పత్తీ 3:2 కాబట్టి కొలతల గొడవ లేదు.

మొదటి పని పాత జెండాలోంచి వెలుగునీడల్ని విడదీయడం. ఫోటోను నేరుగా బ్లాక్ అండ్ వైట్ చేస్తే నీలం పట్టీ నల్లగా, తెల్ల పట్టీ వెలిగిపోతూ వస్తుంది. అది మడత నీడ కాదు, గుడ్డ రంగు. దాన్ని అలాగే కొత్త జెండా మీద వేస్తే మూడు నిలువు పట్టీలు దెయ్యాల్లా కనిపిస్తాయి. అందుకని ఒక్కో పట్టీకి ఒక్కో ఛానల్ తీసుకున్నాను. ఎర్ర పట్టీకి Red, నీలం పట్టీకి Blue, తెల్లదానికి Green. ఎర్ర గుడ్డ ఎర్ర వెలుగును బాగా తిప్పి పంపుతుంది కాబట్టి ఆ ఛానల్లో రంగు దాదాపు కనిపించదు, మడత మాత్రమే మిగులుతుంది. మూడు ముక్కల్ని పక్కపక్కన పెట్టి, Levelsతో వెలుగు సరిచూశాను. కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన గుర్తుంది. తెలుపు నుంచి ఎరుపులోకి పోయే ఒకే మడతను పట్టుకుని చూడండి. అతుకు దాటినా దాని బూడిద రంగు మారకూడదు.

ఇంతా చేశాక కుట్టు గీత మిగిలింది. ఫ్రెంచి జెండాలో పట్టీలు నిలువుగా కుట్టారు, మన జెండాలో అవి అడ్డంగా ఉంటాయి. కాషాయంలో నిలువు కుట్టు కనిపిస్తే చూసేవాళ్లు వెంటనే పట్టేస్తారు. హీలింగ్ బ్రష్‌తో ఆ గీతల్ని ఓపిగ్గా తీసేశాను.

రెండోది ఆకారం. చాలామంది బూడిద బొమ్మనే డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్‌గా ఇచ్చి, Displaceలో అంకె పెంచుకుంటూ పోతారు. నాకది నచ్చదు. వెలుగు చెప్పేది గుడ్డ ఎత్తును కాదు, ఎండ వైపు ఎంత వాలి ఉందో మాత్రమే. అల శిఖరం ఉండేది బాగా మెరిసే చోట కాదు, వెలుగు నీడగా మారే చోట. అంకె పెద్దదైతే పట్టీ తప్పు చోట వంగి, గుడ్డ కాస్తా జెల్లీలా కనిపిస్తుంది. అందుకే పెద్ద అలలన్నీ Warpతో చేతితోనే వంచాను. జెండా పై అంచు, కింది అంచు ఎలా లేచి పడ్డాయో ఫోటోలోనే ఉంది. పాత అతుకులు రెండూ పొడవులో మూడో వంతు దగ్గర, మూడింట రెండు వంతుల దగ్గర గుడ్డ ఎటు జరిగిందో చూపిస్తాయి. కుట్లు చెరిపేసినా, అసలు ఫోటో లేయర్‌ను కింద ఉంచుకున్నది ఇందుకే.

ఆ రెండు అతుకుల నడిమధ్య అశోక చక్రం రావాలి. 900×600 మి.మీ. జెండాలో పట్టీ ఎత్తు 200, చక్రం వ్యాసం 185. అంటే తెలుపులో పైనా కిందా సన్నటి అంచే మిగులుతుంది. చక్రం నా ఫోటోలో ఒక మడత మీద పడింది, ఎడమ సగం వెడల్పుగా, కుడి సగం నొక్కుకుపోయి వచ్చింది. చూడగానే చేయి దాన్ని గుండ్రంగా సరిదిద్దాలంటుంది. దిద్దకూడదు, 24 ఆకుల ఎడం ఆ మడతతో పాటే తగ్గాలి.

Displace వాడింది చిన్న ముడతల వరకే. మ్యాప్‌ను కొంచెం బ్లర్ చేసి, విలువ 5 ఇచ్చాను. 100 ఇస్తే గరిష్ఠంగా 128 పిక్సెళ్లు జరుగుతుంది కాబట్టి 5కి ఆరున్నర పిక్సెళ్లు దాటదు. కర్ర దగ్గర గుడ్డ తనమీద తానే మడతపడిన చోట ఈ రెండు పద్ధతులూ పనికిరావు. అక్కడ వెనుక ముక్కను వేరే లేయర్‌గా కోసి, విడిగా వంచి, మాస్క్ వేయాలి.

ఇక రంగు. బూడిద లేయర్‌ను Multiplyలో వేస్తే ఆకుపచ్చ బాగానే కుదిరింది, కాషాయం మాత్రం నీడలో ఇటుక రంగుకు దిగింది. పల్చటి గుడ్డలోంచి ఎండ దూరి వస్తుంది కాబట్టి అసలు జెండాలో నీడ కూడా కాషాయంగానే ఉంటుంది. కాషాయం పట్టీకి మాత్రం నీడను తేలిక చేసి, Saturation కాస్త పెంచాను. తెలుపు నీడల్లోకి పాత తెల్ల పట్టీ నుంచి ఆకాశపు నీలి ఛాయ తెచ్చి పెట్టాను. అది లేకపోతే తెల్ల గుడ్డ సిమెంటులా ఉంటుంది.

ఇంకా మిగిలింది ఎగిరే చివర. అక్కడ గుడ్డ వేగానికి అంచు పది పన్నెండు పిక్సెళ్ల మేర చెదిరింది, కర్ర వైపు రెండే. ఒకే మాస్క్ అంచు రెండు చోట్లా నప్పదు. పైగా ఆ చెదురులో పాత ఎరుపు ఆకాశంలో కలిసిపోయి ఉంది. ముందు పాత జెండాను పూర్తిగా తీసేసి ఖాళీ ఆకాశం నింపాలి, ఆపైన కొత్త చివరను గాలి దిశలో Motion Blur‌తో కలపాలి. అది అయ్యాక రెండు బొమ్మల కింద ‘కుడి వైపుది తయారు చేసిన చిత్రం’ అని రాసి ప్రింటుకు ఇస్తాను.